పాత ఫోటోలో ఎవరున్నారో తెలియనప్పుడు కథను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

వంశధార
మా నాయనమ్మ పోయాక ఆమె ట్రంకుపెట్టెలో చీరల అడుగున ఒక ఫోటో దొరికింది. అది పోస్టుకార్డంత ఉంటుంది. అందులో ఒక ముసలావిడ, ఒక పడుచు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. వాళ్ళ వెనుక కోటు తొడుక్కున్న మగమనిషి నిలబడ్డాడు. ముసలావిడ మోకాలిని ఆనుకుని నాలుగైదేళ్ళ ఆడపిల్ల ఉంది, కానీ కదలడం వల్ల దాని ముఖం చెదిరిపోయింది. వెనుక తెర మీద మెట్లు, స్తంభాలు వేసి ఉన్నాయి. వీళ్ళెవరో చెప్పగలిగినవాళ్ళు మా బంధువుల్లో ఎవరూ మిగలలేదు.

దీని మీద కథ రాయాలని కూర్చుంటే ప్రతిసారీ మొదటి రెండు పేజీలు ఫోటో వర్ణనతోనే నిండిపోతున్నాయి. ఆ తర్వాత తెల్లచీర కట్టిన ముసలావిడను వితంతువును చేసి, పడుచుకు నాలుగు కష్టాలు పెట్టి, చివరికి ఫోటో పట్టుకున్న మనవరాలి చేత కన్నీళ్ళు పెట్టించి ముగిస్తున్నాను. అది నాకే నచ్చడం లేదు. ఏమీ తెలియని మనుషుల మీద కథ రాసేవాళ్ళు దేన్ని ఆధారం చేసుకుంటారు?

కొబ్బరాకు
పాత భూమి పత్రాలు, పెళ్ళి శుభలేఖలు వెతకండి. ఆ ఫోటోను బంధువుల వాట్సాప్ గుంపులో పెడితే ఎవరో ఒకరు గుర్తుపడతారు.

వంశధార
పెట్టి చూశాను. ముసలావిడ అచ్చం తమ అత్తగారిలాగే ఉందని ముగ్గురు చెప్పారు. ఆ ముగ్గురి అత్తగార్లూ వేరు వేరు. అయినా వాళ్ళెవరో కనిపెట్టడం నా ఉద్దేశం కాదు. తెలియదన్న సంగతిని ఒప్పుకునే కథ రాయాలన్నదే నా కోరిక.

కథలమేడ
ముఖాలను కాసేపు వదిలేయండి. ముఖం నుంచి కథ పుట్టించబోతే మనం ఇదివరకు చదివిన కథలే అక్కడ కనిపిస్తాయి. ముసలావిడ అంటే వితంతువు, పడుచు అంటే కష్టాలు అన్నట్టు మీ ప్రతి అలాగే తయారైంది. ఫోటోలో మిగతావాటితో పొసగని వస్తువు, భంగిమ, బట్ట ఏదైనా ఒక్కటి ఉందేమో చూడండి. ఒక్కటి చాలు, పది అక్కర్లేదు. వెనుకవైపు, అంచులు, పాదాలు, చేతులు ఎలా ఉన్నాయో ఇక్కడ రాయండి. అయితే కారణాలు ఊహించకుండా కంటికి కనిపించినంత వరకే రాయండి.

వంశధార
వెనుకవైపు పోస్టుకార్డులాగే అచ్చువేసి ఉంది. నడుమ నిలువుగీత, కుడివైపు చిరునామాకు చోటు, మూలన స్టాంపు అంటించే చదరం ఉన్నాయి. చదరం చుట్టూ ఆజో అన్న ఇంగ్లీషు అక్షరాలు, నాలుగు చిన్న త్రిభుజాలు ఉన్నాయి. రెండు పైకి, రెండు కిందికి చూస్తున్నాయి. చేతిరాత ఎక్కడా లేదు. ముందువైపు కుడి కింది మూలన ఏదో ఉబ్బెత్తుగా ఒత్తి ఉంది, చదవడానికి రావడం లేదు. మగమనిషి కాళ్ళకు బూట్లున్నాయి, ఆడవాళ్ళవి వట్టి కాళ్ళు. ఇంకొక సంగతి ఇప్పుడే గమనించాను. పడుచు పైట ఎడమ భుజం మీద ఉంది, ముసలావిడ పైట మాత్రం కుడి భుజం మీద ఉంది.

ఆదివారం_సంత
ఇందులో సగం సమస్య తేలిపోయింది. ఆజో కాగితం మీద త్రిభుజాలు రెండు పైకి, రెండు కిందికి ఉంటే అది 1918 నుంచి 1930 లోపు వాడినది. నాలుగూ పైకి చూస్తే అంతకంటే పాతది. కాబట్టి మీ ఫోటో ఆ పన్నెండేళ్ళలో తీసిందే. తెల్లచీర కనుక ముసలావిడ వితంతువన్న మీ ఊహ కూడా సరైనదే. అప్పట్లో ఫోటోకు నిమిషాల తరబడి కదలకుండా ఉండాలి కాబట్టి పిల్ల ముఖం చెదిరింది, పెద్దవాళ్ళెవరూ నవ్వకపోవడానికీ అదే కారణం.

నల్లగుడ్డ
ఆదివారం_సంత గారు చెప్పినవాటిలో కాగితం గుర్తు ఒక్కటే నిలుస్తుంది, అదీ సగమే. ఆ గుర్తు ఫోటో ఎప్పటికంటే ముందుది కాదో చెబుతుంది కానీ ఎప్పటికంటే తర్వాతది కాదో చెప్పదు. చిన్న స్టూడియోల్లో కొన్న కాగితం అయిపోయేదాకా వాడేవారు. కాబట్టి 1918 కంటే ముందుది కాదని మాత్రం అనుకోండి.

మా నాన్నగారి స్టూడియో 1960ల దాకా గాజు ప్లేట్ల మీదే నడిచింది. నేను చీకటి గదిలో ఆయనకు సాయం చేసేవాణ్ణి. మామూలు ప్లేటును ఎర్రదీపం పెట్టుకునే కడిగేవాళ్ళం, ఎందుకంటే ఆ ప్లేటుకు ఎరుపు కనిపించదు. దీపానికి వర్తించేదే చీరకూ వర్తిస్తుంది. ఎర్రచీర కట్టుకుని కూర్చున్న పెళ్ళికూతురు ఫోటోలో నల్లచీరతో వచ్చేది, లేత నీలం చీర తెల్లగా వచ్చేది. అందువల్ల తెల్లగా కనిపిస్తున్నంత మాత్రాన ఆ ముసలావిడను వితంతువును చేయకండి. నుదుటి మీద నల్లచుక్క ఉందేమో, ఉంటే అది కుంకుమ. చేతులకు గాజులు ఉన్నాయో లేదో కూడా చూడండి.

నిమిషాల సంగతి అంతకు చాలా ముందు తరం ప్లేట్లది. 1918 తర్వాత పగటి వెలుగున్న స్టూడియోలో ఒక సెకను, మబ్బు పడితే ఇంకొంచెం ఎక్కువ పట్టేది. పిల్ల తల తిప్పడానికి ఆ సెకను చాలు. నవ్వకపోవడానికి కారణం ఫోటో తీయించుకోవడమంటే అప్పట్లో అదొక గంభీరమైన పని కావడమే తప్ప కెమెరా కాదు.

ఇక మూలన ఉన్న ఒత్తుడు గుర్తు స్టూడియోవారిది. గదిలో దీపాలు ఆర్పి, చిన్న టార్చిని ఫోటోకు పక్కగా, కాగితానికి దాదాపు ఆనించి పెట్టి చూడండి. పైనుంచి వెలుగు వేస్తే ఏమీ కనిపించదు, అడ్డంగా వేస్తే అక్షరాల నీడలు లేస్తాయి.

వంశధార
నుదుట నల్లచుక్క స్పష్టంగా ఉంది. ముసలావిడకు మోచేతుల దాకా గాజులున్నాయి. అంటే నా కథలో వితంతువు కష్టాలన్నీ ఇప్పుడు కొట్టేయాలి. టార్చి కూడా వేసి చూశాను. స్టూడియో పేరు అరిగిపోయింది, కింది వరుసలో రంగూన్ అన్న మాట మాత్రం చదవగలిగాను.

కొబ్బరాకు
ఆవిడ భర్తను మళ్ళీ బతికించారు. కథ ఇప్పటికే ముందుకు కదిలినట్టుంది.

రంగూన్_మనవడు
మా ముత్తాతగారు రంగూన్‌లో వడ్ల మిల్లులో పనిచేశారు, అందుకే ఈ చర్చలోకి వచ్చాను. విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, కాకినాడ రేవుల నుంచి ఓడలో వెళ్ళి మిల్లుల్లోనూ, రేవులోనూ, రిక్షాలు లాగుతూనూ బతికినవాళ్ళు వేలకొద్దీ ఉండేవారు. అక్కడ తెలుగువాళ్ళను కోరంగీలని పిలిచేవారు. వాళ్ళలో చాలామంది మగవాళ్ళే, ఆడవాళ్ళను ఊళ్ళోనే వదిలి వెళ్ళేవారు. కూలివాడు నాలుగు డబ్బులు కూడబెట్టి తిరిగి రావాలనుకునేవాడు తప్ప అక్కడ కాపురం పెట్టాలనుకునేవాడు కాదు.

అందుచేత ఆ ఫోటోలో నాకు వింతగా తోచింది బూట్లో కోటో కాదు, ఆడవాళ్ళు ఉండటమే. భార్యను, పిల్లను తెచ్చుకోగలిగాడంటే ఆ మగమనిషి మామూలు కూలి కాకపోవచ్చు. మేస్త్రీయో, మిల్లులో గుమాస్తాయో అయివుండాలి. తల్లినో అత్తనో కూడా ఓడెక్కించి తెచ్చాడంటే ఏదో గట్టి కారణం ఉండాలి.

ఆదివారం_సంత
కోటు, బూట్లు చూస్తేనే అతను డబ్బున్నవాడని తెలుస్తోంది కదా.

నల్లగుడ్డ
తెలియదు. కోటు, బూట్లు, చేతిగడియారం, గొడుగు, పుస్తకం స్టూడియోలోనే ఉండేవి. మా దుకాణంలో కొక్కేనికి ఒకే ఒక్క కోటు వేలాడుతుండేది, ఊళ్ళో సగం మంది మగవాళ్ళ ఫోటోల్లో అదే కనిపిస్తుంది. కొలతకు కుట్టించుకున్నదైతే భుజాల దగ్గర అమరుతుంది. స్టూడియోదైతే చేతులు పొడుగై వేళ్ళ మీదికి దిగుతాయి, లేదా మణికట్టు పైనే ఆగిపోతాయి. బూట్లకు లేసులు కట్టి ఉన్నాయా, లోపల మేజోళ్ళున్నాయా అన్నది కూడా చూడండి.

వంశధార
చేతులు వేళ్ళ మొదళ్ళ దాకా దిగాయి. మేజోళ్ళు లేవు. ఒక బూటు లేసు కట్టలేదు.

కథలమేడ
నాకు కోటు కంటే పైట మీదే ఆసక్తి ఉంది. ఒకే చట్రంలో రెండు పైటలు రెండు దిక్కులకు ఎందుకున్నాయి?

ఆదివారం_సంత
ప్లేటును తిరగేసి ముద్రిస్తే కుడి ఎడమలు మారిపోతాయి. అలాంటి ఫోటోలు చాలా చూశాను.

నల్లగుడ్డ
ప్లేటు తిరగబడితే అందరి పైటలూ మారాలి, ఒక్కరిది మారదు. కోటు గుండీలు చూసినా తెలుస్తుంది. మగవాళ్ళ కోటుకు ఎడమ అంచు పైకి వస్తుంది.

వంశధార
ఎడమ అంచే పైన ఉంది. ఫోటో తిరగబడలేదు.

టెక్కలి_ఆడపడుచు
ఇందులో అంత వింతేమీ లేదు. మా వైపు పల్లెల్లో పాతతరం ఆడవాళ్ళు చాలామంది కుడిపైట వేసుకునేవారు. మా అమ్మమ్మ చివరిదాకా కుడిపైటే వేసుకుంది. మా అమ్మ పెళ్ళయ్యాక పట్నంలో కాపురం పెట్టినప్పుడు ఇరుగుపొరుగు నవ్వుతారని ఎడమ వైపుకు మార్చుకుంది. అమ్మమ్మ మా ఇంటికి వచ్చినప్పుడల్లా పైట సంగతి ఎత్తేది. అది తన కూతురు కాదన్నట్టు మాట్లాడేది. మేము చిన్నపిల్లలం కాబట్టి అదొక తమాషాగా ఉండేది. అది తమాషా కాదని నాకు పెళ్ళయ్యాక అర్థమైంది.

కథలమేడ
వంశధార గారూ, మీ కథ ఇక్కడే ఉంది. ముసలావిడ ఊరి నుంచి కొత్తగా ఓడ దిగింది. కోడలు రంగూన్‌లో కొన్నేళ్ళుగా ఉంటూ పైట మార్చుకుంది. కొడుకు అరువు కోటు తొడుక్కుని నడుమ నిలబడ్డాడు. ఈ ముగ్గురి మధ్య ఏం జరుగుతోందో చెప్పడానికి పేర్లూ వంశవృక్షమూ అక్కర్లేదు. కథను ఫోటో దొరకడంతో కాక ఫోటో తీసే ఉదయంతో మొదలుపెట్టండి. ట్రంకుపెట్టెనూ మనవరాలినీ పూర్తిగా తీసేయండి.

టెక్కలి_ఆడపడుచు
ఆవిడ అత్తగారని ఎందుకు అనుకోవాలి? కన్నతల్లి ఎందుకు కాకూడదు? పిల్ల ఆనుకున్నది ముసలావిడ మోకాలినే, తల్లిని కాదు. కూతురి రెండో కాన్పుకు పుట్టింటి నుంచి తల్లి వచ్చి ఉండవచ్చు. రంగూన్_మనవడు గారు అడిగిన గట్టి కారణం అదే కావచ్చు. అత్తాకోడళ్ళ కథలు మనకు చాలానే ఉన్నాయి.

కథలమేడ
నేను తొందరపడి అత్తగారన్నాను కానీ మీ ఊహే మెరుగ్గా ఉంది. అత్త పైట గురించి దెప్పితే అది మామూలు గొడవ అవుతుంది. కన్నతల్లి ఏమీ అనకుండా తన పైటను అలాగే ఉంచుకుని కూర్చుంటే కూతురికి జవాబు చెప్పుకునే అవకాశం కూడా ఉండదు.

రంగూన్_మనవడు
అంత దూరం ప్రయాణం చేసి కాన్పుకు రావడం నాకు నమ్మశక్యంగా లేదు. మా ఇంట్లో విన్నదాన్ని బట్టి కాన్పుకు ఆడవాళ్ళనే ఊరికి పంపేవారు. తల్లి రావాలంటే ఊళ్ళో ఆమెకు ఆసరా లేకపోయి ఉండాలి.

టెక్కలి_ఆడపడుచు
కుంకుమ ఉంది కదా, భర్త ఉన్నాడు. ఆయన ఎక్కడున్నాడన్నది మరి రచయిత్రి తేల్చుకోవాలి.

వంశధార
ఆయన ఊళ్ళోనే ఉన్నాడనుకుంటాను. ఫోటో ఆయనకు పంపడానికే తీయించారని ఇప్పుడు తోస్తోంది, లేకపోతే పోస్టుకార్డు కాగితం మీద ఎందుకు ముద్రిస్తారు? కానీ పంపలేదు. వెనుక ఒక్క అక్షరం కూడా లేదు. ఎందుకు పంపలేదన్నదే కథకు ముగింపు అనుకుంటున్నాను.

నల్లగుడ్డ
పోస్టుకార్డు కాగితం మీద ముద్రించడం పంపడానికే అని చెప్పలేం. కోసి ఉన్న కాగితం, చవక, చేతికి వాటంగా ఉంటుంది కనుక ఎవరికీ పంపనివి కూడా దాని మీదే వేసేవారు. పంపినా చాలామంది కవరులో పెట్టి పంపేవారు, అందువల్ల వెనుక ఖాళీగా ఉండటం కూడా ఏమీ రుజువు చేయదు.

ఇంకొక సంగతి ఉంది. పిల్ల కదిలిందని తెలిస్తే మేము రెండో ప్లేటు తీసేవాళ్ళం. గిరాకీదారుకు బాగా వచ్చినదానికే డబ్బు తీసుకునేవాళ్ళం, చెడిపోయినదాన్ని అడిగితే ఒక కాపీ ఊరికే ఇచ్చేవాళ్ళం. అన్ని స్టూడియోలూ ఇలాగే చేసేవని చెప్పలేను. కానీ ముఖం చెదిరిన ఫోటో ఇన్నేళ్ళు భద్రంగా ఉందంటే, బాగా వచ్చింది వేరే ఎవరి దగ్గరికో వెళ్ళి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

కొబ్బరాకు
మంచి ఫోటో మామగారికి, చెడిపోయిన ఫోటో అల్లుడికి. ఇది మాత్రం ఏ కాలంలోనైనా నమ్మవచ్చు.

రంగూన్_మనవడు
కథ కాలం గురించి ఒక మాట చెప్పాలి. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె జరిగింది. వాళ్ళ స్థానంలో బర్మీయులను పనిలో పెట్టుకున్నారు. సమ్మె ముగిశాక పని ఎవరికన్న దాని మీద గొడవలు రేగి చాలామంది తెలుగువాళ్ళు చనిపోయారు. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు నగరం మీద బాంబులు వేశాయి, ఆ తర్వాత వేలమంది కాలినడకన కొండలు దాటారు. మా కుటుంబం అలా నడిచి వచ్చినదే. ఈ రెండూ లేకుండా రంగూన్ కథ రాయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

కథలమేడ
మీ కుటుంబ కథకు అవి తప్పనిసరి. ఈ ఫోటోకు మాత్రం కావు. 1918 కంటే ముందుది కాదన్నది తప్ప దాని కాలం మనకు తెలియదు. బాంబులు తెస్తే పాఠకుడి చూపంతా వాటి మీదికి పోతుంది, పైట గాలికి కొట్టుకుపోతుంది. పాత ఫోటోల కథలు చాలావరకు చెడేది అక్కడే. మనుషులు ఎవరో తెలియదు కాబట్టి, ఆ లోటు పూడ్చడానికి చరిత్రలోంచి ఒక పెద్ద సంఘటనను తెచ్చి వాళ్ళ నెత్తిన పడేస్తారు.

రంగూన్_మనవడు
మీరు చెప్పినదాన్ని నేను ఒప్పుకోలేను. కూలీల మధ్య బతికిన కుటుంబం రేవులో ఏం జరుగుతోందో ఎరగనట్టు ఫోటోకు సింగారించుకుని కూర్చుంటే అది కూడా అబద్ధమే. బాంబులు వద్దు సరే. సమ్మె గురించిన మాట ఒకటైనా ఆ ఇంట్లో వినపడాలి.

సగం_రాసినవాడు
నాకు ఇలాంటి అనుభవం ఒకటి ఉంది. మా ఇంట్లో గోడ మీది పాత ఫోటో ఆధారంగా కథ రాసి ఒక పత్రికకు పంపాను, అచ్చయింది. అందులో పక్కకు నిలబడ్డ మనిషిని దగాకోరుగా చూపించాను, ఎందుకంటే అతనెవరో మాకెవరికీ తెలియదు. కథ వచ్చాక దూరపు బంధువు ఫోన్ చేసి అది తన తాతగారని చెప్పాడు. ఆ ఫోటో కాపీ వాళ్ళింట్లో కూడా ఉందట. స్టూడియోవాళ్ళు ఒకే ఫోటోకు అరడజను కాపీలు వేసేవారన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు. కాబట్టి కథలో ఫోటోను అచ్చం ఉన్నట్టు వర్ణించవద్దని నా సలహా. తెర మీది మెట్లను తోటగా మార్చండి, నలుగురిని ముగ్గురు చేయండి.

టెక్కలి_ఆడపడుచు
పైట మాత్రం మార్చవద్దు.

వంశధార
నిన్న రాత్రి మొదలుపెట్టి ఒక పేరా రాశాను. దయ చూపకుండా చెప్పండి.

"ఫోటోగ్రాఫరు నల్లగుడ్డ కింది నుంచి తల బయటపెట్టి, పెద్దమ్మగారి పైట ఈ వైపుకు తిప్పితే ఇద్దరూ జోడుగా ఉంటారన్నాడు. సీతాలు తల్లి వైపు చూడలేదు. అప్పన్న కోటు చేతులు పైకి లాక్కుంటూ, ఫరవాలేదు అలాగే తీయండన్నాడు. తల్లి లేచి నిలబడింది. పైట తీసి ఎడమ భుజం మీద వేసుకుంది. బరువు ఎటు ఆగాలో తెలియక ఒక నిమిషం అలాగే ఉండి, తిరిగి కుడి భుజం మీదికి మార్చుకుని కూర్చుంది. ఆమె ముఖంలో తరతరాల ఆత్మగౌరవం వెలిగింది. పిల్ల ఎందుకో అమ్మమ్మ వైపు తల తిప్పింది."

కథలమేడ
ఆత్మగౌరవం వెలిగిన వాక్యాన్ని కొట్టేయండి. దానికి ముందున్న వాక్యం ఆ పని చేసేసింది. 'ఎందుకో' కూడా తీసేయండి. మిగతాదంతా ఉంచండి. పైట ఒకసారి మార్చి చూసుకోవడం బాగుంది, మొండిగా నిరాకరించి ఉంటే తేలిపోయేది.

నల్లగుడ్డ
ఒక చిన్న సవరణ. ఫోటోగ్రాఫరు గుడ్డ కింద ఉన్నప్పుడు అద్దం మీద బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. భుజాల ఎత్తు, తలల వరుస సరిచూసుకునేది అక్కడే కాబట్టి ఆ మాట అప్పుడు అనడం సబబే. కానీ ప్లేటు పెట్టాక గుడ్డ కింద ఉండడు. కెమెరా పక్కన నిలబడి, మూత తీసి, లెక్కపెట్టి, మూత వేస్తాడు. పిల్ల తల తిప్పేటప్పటికి అతను బయటే ఉంటాడు, తిప్పడం చూస్తాడు. ఆ వెంటనే రెండో ప్లేటు సంగతి ఎత్తుతాడు.

టెక్కలి_ఆడపడుచు
అయితే రెండో ప్లేటు తీసేటప్పుడు ముసలావిడ పైట ఎటు ఉంది? ఊరికి వెళ్ళింది ఆ ఫోటోనే కదా. భర్త చూసింది దాన్నే.

ఆదివారం_సంత
రెండోసారి ఎడమ వైపుకు మార్చుకుందని రాయండి. ముగింపు దొరికింది.

టెక్కలి_ఆడపడుచు
అలా రాస్తే ఆవిడ ఓడిపోయినట్టు అవుతుంది. మా అమ్మమ్మ మార్చేది కాదు.

వంశధార
నాకు ఇంకా తేలలేదు. పంపని కార్డు ముగింపును మాత్రం వదిలేశాను. రెండో ప్లేటుకు వాళ్ళు సర్దుకుని కూర్చోవడం దాకా రాసి, సమ్మె గురించి అప్పన్నతో ఫోటోగ్రాఫరు ఒక మాట అన్నట్టు పెట్టాను. నల్లగుడ్డ గారూ, రెండు ప్లేట్ల మధ్య ఎంత సమయం పట్టేది? ఆ మాట ఎంత పొడుగు ఉండాలో దాన్ని బట్టి తేల్చుకుంటాను.

నల్లగుడ్డ
ప్లేటు పెట్టెను తిప్పి పెట్టుకుంటే నిమిషం లోపే. పెట్టెలో రెండో వైపు ఖాళీగా ఉంటే చీకటి గదిలోకి వెళ్ళి నింపుకు రావాలి, అప్పుడు ఐదు నిమిషాలు పట్టవచ్చు. అలా జరిగితే ఫోటోగ్రాఫరు గదిలో ఉండడు, ఆ నలుగురే మిగులుతారు. సమ్మె మాట అతని చేత అనిపించాలంటే మాత్రం లోపలికి వెళ్ళకముందే అనిపించండి.